24 గంటల ఫ్రీ క్యాన్సిలేషన్: గడియారం నాదా, ఎయిర్‌లైన్‌దా?

ప్రశ్న: "నేను అమెరికాలో పసిఫిక్ టైమ్ జోన్‌లో ఉంటాను. గురువారం, అక్టోబర్ 15న రాత్రి 10:40కి ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లోనే టికెట్లు కొన్నాను. ప్రయాణం వచ్చే నెల. ఇప్పుడు తేదీలు మార్చుకోవాల్సి వచ్చేలా ఉంది. 24 గంటల్లోపు క్యాన్సిల్ చేస్తే పూర్తి డబ్బు వెనక్కి ఇస్తారట. కానీ ఆ ఎయిర్‌లైన్ హెడ్డాఫీసు ఈస్టర్న్ టైమ్‌లో ఉంది, టికెట్ మీద ఇష్యూ తేదీ అక్టోబర్ 16 అని పడింది. ఈ 24 గంటలు నా టైమ్ ప్రకారం లెక్కా, వాళ్ళ టైమ్ ప్రకారమా? ఎప్పటిదాకా ఆగొచ్చు?"

సమాధానం:

శుక్రవారం రాత్రి 10:40 వరకు ఆగొచ్చు, మీ గోడ గడియారంలో. అదే క్షణానికి వాళ్ళ హెడ్డాఫీసు గోడ మీద శనివారం తెల్లవారుజామున 1:40 అయి ఉంటుంది. రెండూ ఒకటే గడువు. ఎవరి జోన్ తీసుకున్నా మీకు ఒక్క నిమిషం పెరగదు, తగ్గదు.

వేరే ఊళ్ళో ఉన్న మనిషితో మీరు గంటసేపు ఫోన్‌లో మాట్లాడారనుకోండి. మీ గడియారం 9 నుంచి 10కి వస్తుంది, వాళ్ళది 12 నుంచి 1కి వస్తుంది. మాట్లాడింది మాత్రం ఇద్దరికీ గంటే. 24 గంటలన్నదీ అలాంటిదే, అది వ్యవధి. మొదలైన క్షణం ఇద్దరికీ ఒకటే కాబట్టి ముగిసే క్షణమూ ఒకటే. మీ బుకింగ్ జరిగిన క్షణం పసిఫిక్‌లో గురువారం రాత్రి 10:40, ఈస్టర్న్‌లో శుక్రవారం 1:40, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో శుక్రవారం ఉదయం 5:40. మూడింటికీ 24 గంటలు కలిపి చూడండి, మూడూ ఒకే చోటికి వస్తాయి.

టికెట్ మీద 16వ తేదీ పడటానికి కారణం కూడా ఇదే. మీరు బటన్ నొక్కేసరికి వాళ్ళ దగ్గర తేదీ మారిపోయింది. దాన్ని చూసి "16 మొత్తం అయ్యాక 17 దాకా ఉందన్నమాట" అనుకోకండి, "ఒక రోజు అప్పుడే పోయింది" అనీ కంగారు పడకండి. ఇష్యూ తేదీకీ మీ 24 గంటలకీ సంబంధం లేదు.

మరి ఈ జోన్ గొడవ అసలు ఎందుకు వస్తోంది? పదిహేనేళ్ళకు పైగా టికెటింగ్ డెస్క్‌లో కూర్చున్నవాణ్ణి, ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. 24 గంటల దగ్గర జోన్ పట్టించుకోనక్కర్లేదు గానీ, దాని చుట్టుపక్కల రెండు మూడు చోట్ల జోన్ నిజంగానే కొంప ముంచుతుంది. అక్కడ దెబ్బ తిన్నవాళ్ళు వచ్చి "24 గంటలు వాళ్ళ టైమ్‌లో లెక్కేశారు" అని చెబుతుంటారు. జరిగింది అది కాదు.

ముందు రూలేమిటో చూద్దాం. అమెరికా రవాణా శాఖ నిబంధనల్లో 14 CFR 259.5 అని ఉంది. ప్రయాణానికి వారం లేదా అంతకన్నా ముందు బుక్ చేస్తే, ఎయిర్‌లైన్ రెండింటిలో ఒకటి ఇవ్వాలి: డబ్బు కట్టకుండానే ఆ ధరకి సీటు కనీసం 24 గంటలు ఆపి ఉంచడం, లేదా డబ్బు కట్టేసినా, బుకింగ్ నుంచి 24 గంటల్లోపు జరిమానా లేకుండా క్యాన్సిల్ చేయనివ్వడం. రెండూ ఇవ్వాలని లేదు. అమెరికాకి రాకపోకలు నడిపే విదేశీ ఎయిర్‌లైన్లకి కూడా ఆ ప్రయాణాల విషయంలో ఇది వర్తిస్తుంది. రూల్లో ఉన్న మాట "బుకింగ్ జరిగిన తర్వాత కనీసం 24 గంటలు" అని. ఫలానా నగరపు సమయం అని ఎక్కడా లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఇది కనీస హద్దు మాత్రమే. కొన్ని ఎయిర్‌లైన్లు ఇంతకన్నా ఉదారంగా ఇస్తాయి, ఉదాహరణకి వారం కాకుండా రెండు రోజుల ముందు బుక్ చేసినా ఒప్పుకుంటాయి. ఆ ఉదారం దగ్గరే మొదటి చిక్కు మొదలవుతుంది.

కొందరు 24 గంటలు అని రాయకుండా "కొన్న మరుసటి రోజు అర్ధరాత్రి వరకు" అని రాస్తారు. వినడానికి ఇంకా మంచిగానే ఉంటుంది, నిజానికి మంచిదే కూడా. కానీ ఇక్కడికొచ్చేసరికి వ్యవధి పోయి తేదీ వచ్చింది. తేదీ అనగానే ఎవరి తేదీ అన్న ప్రశ్న పుడుతుంది. మీ బుకింగే తీసుకోండి. మీ జోన్‌లో అది గురువారం కొనుగోలు, కాబట్టి మరుసటి రోజు అర్ధరాత్రి అంటే శుక్రవారం రాత్రి 11:59. మొత్తం 25 గంటల 19 నిమిషాలు. వాళ్ళ జోన్‌లో అది శుక్రవారం కొనుగోలు, మరుసటి రోజు శనివారం, ఆ రాత్రి 11:59 ఈస్టర్న్ అంటే మీకు శనివారం రాత్రి 8:59. మొత్తం 46 గంటల 19 నిమిషాలు. ఒకే వాక్యం, ఒకే టికెట్, మధ్యలో 21 గంటల తేడా.

మీ విషయంలో వాళ్ళ జోన్ పట్టుకుంటే మీకే లాభం. దీన్ని తిరగేసి చూడండి. మీరు ఈస్టర్న్‌లో ఉన్నారు, ఎయిర్‌లైన్ పసిఫిక్ టైమ్ వాడుతోంది. మీరు శనివారం అర్ధరాత్రి దాటి 12:30కి కొన్నారు. మీ లెక్కలో శనివారం కొన్నారు కాబట్టి ఆదివారం రాత్రి 11:59 దాకా ఉందని నిశ్చింతగా పడుకుంటారు. వాళ్ళ దగ్గర అప్పటికి ఇంకా శుక్రవారం రాత్రి 9:30. వాళ్ళ "మరుసటి రోజు" శనివారమే. గడువు శనివారం రాత్రి 11:59 పసిఫిక్, అంటే మీకు ఆదివారం తెల్లవారుజామున 2:59. ఆదివారం పొద్దున లేచి, కాఫీ తాగి, తీరిగ్గా లాగిన్ అయ్యేసరికి కథ అయిపోయి ఉంటుంది. ఇందులో ఎయిర్‌లైన్ మోసమేమీ లేదు. రూలు ప్రకారం 24 గంటలు ఇవ్వాలి, వాళ్ళు 26 గంటలకు పైగానే ఇచ్చారు. మీరు ఊహించుకున్న బోనసే చిన్నదైపోయింది.

నేను అందరికీ చెప్పేది ఇంతే: పాలసీలో "మరుసటి రోజు" అని ఉన్నా సరే, మీరు మాత్రం బుకింగ్ క్షణం నుంచి 24 గంటలే లెక్కేసుకోండి. మరుసటి రోజు చివర అన్నది ఏ జోన్‌లో లెక్కేసినా, కొన్న తేదీ కూడా అదే జోన్‌దైతే, అది 24 గంటల కన్నా తక్కువ రాదు. అందుకని 24 గంటలు ఎప్పుడూ క్షేమమైన హద్దు. ఆపైన వచ్చేది వాళ్ళిచ్చే కొసరు.

ఇక్కడ మన భాషలోని చిక్కు ఒకటుంది. మనం రాత్రి ఒంటిగంటన్నరని కూడా "శుక్రవారం రాత్రి" అనే అంటాం, తెల్లారితే గానీ శనివారం అనం. పంచాంగంలో వారం మారేది కూడా సూర్యోదయంతోనే కదా. కంప్యూటర్‌కి ఆ మొహమాటం లేదు, 12 దాటిందంటే శనివారమే. ఫోన్‌లో "శుక్రవారం రాత్రి కొన్నానండీ" అని చెప్పి, అవతలివాళ్ళు శుక్రవారం రికార్డులు వెతికి, బుకింగ్ కనిపించక అయిదు నిమిషాలు వాదించుకున్న సందర్భాలు నాకే ఎన్నో ఉన్నాయి. అర్ధరాత్రికి అటూ ఇటూ కొన్న టికెట్ గురించి మాట్లాడేటప్పుడు తేదీ, గంట, జోన్ మూడూ చెప్పండి.

రెండో చిక్కు ఇంతకన్నా పెద్దది, దీన్ని చాలామంది గమనించరు కూడా. అది వారం షరతు. ప్రయాణానికి ఏడు రోజుల ముందు బుక్ చేసి ఉండాలి అన్నారు కదా. ఆ ఏడు రోజులకి ఒక చివర మీ బుకింగ్, రెండో చివర విమానం బయల్దేరే సమయం. టికెట్ మీద బయల్దేరే సమయం ఎప్పుడూ బయల్దేరే విమానాశ్రయపు స్థానిక సమయంలోనే ఉంటుంది. అంటే రెండు చివరలూ రెండు జోన్‌లలో ఉన్నాయి. తేదీలు తీసివేసి చూస్తే తప్పు లెక్క వస్తుంది.

మీరు కొన్న క్షణాన్నే ఉంచి, విమానం మాత్రం మారుద్దాం. అక్టోబర్ 15 రాత్రి 10:40 పసిఫిక్‌కి మీరు సింగపూర్ నుంచి అమెరికా వచ్చే విమానానికి టికెట్ కొన్నారనుకోండి. అది అక్టోబర్ 23, శుక్రవారం ఉదయం 9:00కి బయల్దేరుతుంది. 23లోంచి 15 తీసేస్తే ఎనిమిది రోజులు, హాయిగా వారం దాటింది అనిపిస్తుంది. ఇప్పుడు సరిగా చూద్దాం. సింగపూర్ యూటీసీకి 8 గంటలు ముందు, పసిఫిక్ ఆ నెలలో యూటీసీకి 7 గంటలు వెనక, మొత్తం 15 గంటల తేడా. సింగపూర్‌లో శుక్రవారం ఉదయం 9 అంటే పసిఫిక్‌లో ముందురోజు, గురువారం అక్టోబర్ 22 సాయంత్రం 6:00. బుకింగ్ నుంచి అక్కడికి 6 రోజుల 19 గంటల 20 నిమిషాలు. వారం నిండలేదు. తేదీల్లో ఎనిమిది రోజులుగా కనిపించిన టికెట్‌కి రూలు ప్రకారం ఫ్రీ క్యాన్సిలేషన్ హక్కే లేదు. ఎయిర్‌లైన్ తన పాలసీలో రెండు రోజుల ముందు చాలంటే బతికిపోయారు, లేకపోతే లేదు.

ఇలాంటి కేసులో మీరు ఎంత తొందరగా క్యాన్సిల్ చేశారన్నది ముఖ్యం కాదు. కొన్న పది నిమిషాలకే చేసినా ఫలితం అదే. స్క్రీన్ మీద జరిమానా చూపించగానే "24 గంటలు కూడా కాలేదు కదా, వీళ్ళు వాళ్ళ జోన్‌లో లెక్కేస్తున్నారు" అనుకుంటారు. అక్కడ అడ్డం పడింది 24 గంటలు కాదు, వారం. ఎలా గుర్తుపట్టాలంటే, కొన్న కొద్దిసేపటికే క్యాన్సిల్ పేజీలో ఫీజు కనిపించిందీ అంటే దాదాపు ఖాయంగా వారం షరతు దగ్గరే ఆగింది, లేదా టికెట్ వాళ్ళ దగ్గర నేరుగా కొన్నది కాదు. రెండు చివరలనీ యూటీసీలోకి మార్చి తీసివేయండి, 168 గంటలు ఉందా లేదా తేలిపోతుంది. మీ ప్రయాణం వచ్చే నెల కాబట్టి మీకు ఈ బెంగ లేదు.

నేరుగా కొన్నది కాకపోతే అన్నాను కదా, అది మూడోది. ఆన్‌లైన్ ట్రావెల్ ఏజెన్సీల దగ్గరో, మామూలు ఏజెంట్ల దగ్గరో కొన్న టికెట్‌కి ఈ రూలు వర్తించదు. వాళ్ళు తమంతట తాము ఇలాంటి సౌకర్యం ఇవ్వొచ్చు, చాలామంది ఇస్తారు కూడా. కానీ వాళ్ళు ఇచ్చేది చాలావరకు "వాయిడ్" అనే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. టికెట్ అమ్మకం లెక్కల్లోకి ఎక్కకముందే దాన్ని రద్దు చేసేస్తే, అమ్మనట్టే లెక్క, జరిమానా ప్రసక్తే రాదు. ఆ లెక్కలు మూసే సమయం ఏజెన్సీ ఉన్నచోటి రోజు ప్రకారం నడుస్తుంది. ఇక్కడ మాత్రం మీ ప్రశ్నకి జవాబు వేరు: అమ్మినవాళ్ళ జోన్.

దీనితో నేనే ఒకసారి చేతులు కాల్చుకున్నాను. చేరిన కొత్తలో ఒక ఏజెన్సీలో పనిచేసేవాణ్ణి, ఆఫీసు ఈస్టర్న్ టైమ్‌లో ఉండేది. ఆ రోజు అమ్మినవి ఆ రోజు అర్ధరాత్రిలోపే వాయిడ్ చేయాలని మా నియమం. సోమవారం సాయంత్రం పసిఫిక్ నుంచి ఒకాయన ఫోన్ చేసి టికెట్ తీసుకున్నారు. ఆయనకి అప్పుడు 7 గంటలు, మాకు రాత్రి 10. "మనసు మారితే ఈ రాత్రిలోపు చెప్పండి సార్, ఇబ్బంది లేకుండా తీసేస్తాం" అన్నాను. ఆయన పాపం చెప్పినట్టే రాత్రిలోపే, తన టైమ్ 10 గంటలకి ఫోన్ చేశారు. మాకు మంగళవారం ఒంటిగంట. వాయిడ్ తలుపు ఆయన గడియారంలో 8:59కే మూసుకుపోయింది. "ఈ రాత్రి" అని నేనన్నప్పుడు నా మనసులో ఉన్నది నా రాత్రి, ఆయన విన్నది ఆయన రాత్రి. టికెట్ పెనాల్టీ నా జీతంలోంచి పోయింది. ఆ తర్వాత నేనెప్పుడూ "ఈ రాత్రి", "రేపటిదాకా" అనలేదు. "మీ టైమ్‌లో 8:30 లోపు" అని చెప్పడమే అలవాటైంది.

అందుకని ఏజెన్సీలో కొంటే, కొన్న వెంటనే ఒక్క మాట అడగండి: ఫ్రీగా రద్దు చేసుకోవడానికి ఆఖరి సమయం ఎంత, ఏ జోన్‌లో? జవాబు మెయిల్‌లోనో చాట్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. ఎయిర్‌లైన్ పేజీలో ఉన్న 24 గంటల హామీ చూపించి ఏజెన్సీతో వాదిస్తే పని జరగదు.

మళ్ళీ మీ టికెట్ దగ్గరికి వద్దాం. 24 గంటలు ఎక్కడ మొదలైందో ఖచ్చితంగా తెలియాలి కదా. కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చిన సమయాన్ని నమ్ముకోకండి. ఒక్కోసారి కార్డు వెరిఫికేషన్ అయ్యి టికెట్ నంబరు పడటానికి గంటలు పడుతుంది, మెయిల్ అప్పుడొస్తుంది. బుకింగ్ మాత్రం ముందే సిస్టమ్‌లో పుట్టి ఉంటుంది. మీరు డబ్బు కట్టే బటన్ నొక్కిన సమయాన్నే మొదలుగా పట్టుకోండి, అది ఎప్పుడూ మీకు క్షేమం. సీటు ఫ్రీగా ఆపి ఉంచే పద్ధతి ఉన్న ఎయిర్‌లైన్‌లో ముందు ఆపి, తర్వాత డబ్బు కట్టారా, అప్పుడు కట్టిన దగ్గర్నుంచి ఇంకో 24 గంటలు వస్తాయని ఆశపడకండి. రూలు రెండింటిలో ఒకటే ఇవ్వమంది.

మెయిల్ వెంటనే వచ్చి ఉంటే మాత్రం సాక్ష్యం దాంట్లోనే ఉంది. కంప్యూటర్‌లో జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో Show original నొక్కితే అందులో ఇలాంటి వరస కనిపిస్తుంది:

```
Date: Fri, 16 Oct 2026 05:41:07 +0000
```

చివర్లో ఉన్న +0000 అంటే యూటీసీ. కొన్ని మెయిళ్ళలో -0400 అనో -0700 అనో ఉంటుంది, అది పంపిన సర్వర్ వాడిన జోన్. ఇన్‌బాక్స్‌లో కనిపించే సమయం మీ ఫోన్ లేదా కంప్యూటర్ ప్రస్తుతం ఉన్న జోన్‌లోకి మార్చి చూపించేది, కాబట్టి మీరు మధ్యలో వేరే జోన్‌కి వెళితే అదే మెయిల్ సమయం మారినట్టు కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు, అసలు వరస మారదు.

ఎయిర్‌లైన్ వైపు కూడా ఇలాంటి రికార్డే ఉంటుంది. ఎయిర్‌లైన్లు, ఏజెంట్లు బుకింగ్‌లకి వాడే అమెడియస్ సిస్టమ్‌లో బుకింగ్ తెరిస్తే పై వరసలో 0540Z లాంటి సమయం తేదీతో పాటు ఉంటుంది. ఆ Z అంటే యూటీసీయే. మార్పులు చేసిన ప్రతిసారీ ఆ వరస మారొచ్చు గానీ, మొదటిసారి ఎప్పుడు పుట్టిందన్నది హిస్టరీలో ఉంటుంది. ఎప్పుడైనా కస్టమర్ కేర్‌లో "మా టైమ్ ప్రకారం అయిపోయిందండీ" అని చెబితే వాదనకి దిగకుండా, "బుకింగ్ క్రియేట్ అయిన సమయం యూటీసీలో ఎంత, ఇప్పుడు యూటీసీలో ఎంత, చెప్పండి" అని అడగండి. రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక జోన్ మాట మళ్ళీ రాదు. చాలాసార్లు అవతలి మనిషి స్క్రీన్ మీద ఇష్యూ తేదీ మాత్రమే చూసి మాట్లాడుతుంటారు, హిస్టరీ తెరవమంటే వాళ్ళే సర్దుకుంటారు.

గుర్తు పెట్టుకోవడానికి అలారం కాకుండా టైమర్ పెట్టుకోండి. "రేపు రాత్రి 10కి" అని అలారం పెట్టి, పొద్దున ఈస్టర్న్ జోన్ నుంచి విమానమెక్కి పసిఫిక్‌లో దిగారనుకోండి. ఫోన్ కొత్త జోన్‌లోకి మారిపోతుంది, అలారం అక్కడి 10 గంటలకి మోగుతుంది, అంటే మూడు గంటలు ఆలస్యం. టైమర్‌కి జోన్ తెలియదు, గడిచిన సమయమే తెలుసు. 23 గంటలకి పెట్టుకుంటే చివరి గంట మీ చేతిలో ఉంటుంది.

టైమర్ మంచిదనడానికి ఇంకో కారణం గడియారాలు మార్చే వారాంతం. ఈ సంవత్సరం, 2026లో, అమెరికాలో నవంబర్ 1 ఆదివారం తెల్లవారుజామున గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అక్టోబర్ 31 శనివారం రాత్రి 9 గంటలకి కొన్న టికెట్‌కి 24 గంటలు నిండేది ఆదివారం రాత్రి 9కి కాదు, 8కే. ఆ రోజుకి 25 గంటలు మరి. మార్చిలో ముందుకి తిప్పినప్పుడు దీనికి తిరగబడి ఒక గంట ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. గోడ గడియారం చూసి లెక్కేస్తే తప్పేది ఏడాదికి ఈ రెండు రాత్రులే, కానీ దాంట్లో నవంబర్‌దే నష్టం తెచ్చేది.

చివరి నిమిషం దాకా ఆగొద్దని నేను గట్టిగా అనేది జోన్ కోసం కాదు. లెక్కలోకి వచ్చేది క్యాన్సిలేషన్ వాళ్ళ సిస్టమ్‌లో పడిన క్షణం. మీరు 10:20కి ఫోన్ చేసి హోల్డ్ సంగీతం వింటూ 10:50కి మనిషిని పట్టుకుంటే, మీకు వరసలో నిలబడ్డ సాక్ష్యం తప్ప ఇంకేం లేదు. వెబ్‌సైట్‌లోనే చేయండి, అదీ శుక్రవారం సాయంత్రమే. క్యాన్సిల్ పేజీలో ఒక చోట కాస్త ఆగి చదవాలి: డబ్బు కార్డుకే వెనక్కి వేయాలా, ట్రావెల్ క్రెడిట్‌గా ఉంచాలా అని అడుగుతుంది. క్రెడిట్ బటనే పెద్దగా, రంగులో కనిపించొచ్చు. కార్డుకి రావాలంటే original form of payment అన్న మాట ఉన్నదాన్ని ఎంచుకోవాలి. రీఫండ్ మొత్తం కట్టినదానికి సరిపోయిందో లేదో చూసి, ఆ పేజీకి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పైన సమయం కనిపించేలా. కార్డుతో కట్టిన డబ్బు ఏడు పనిదినాల్లోపు వెనక్కి వేయాలి, వేరే పద్ధతుల్లో కట్టినదైతే 20 రోజుల్లోపు.

మీరు తేదీలు మార్చుకోవాలన్నారు కాబట్టి ఇంకొక్కటి. ఈ రూలు ఇచ్చేది క్యాన్సిల్ చేసే హక్కు. ఉన్న టికెట్‌నే ఫ్రీగా మార్చి ఇవ్వమని ఎయిర్‌లైన్‌ని ఇది బలవంతపెట్టదు. అందుకే "చేంజ్" బటన్ నొక్కితే కొన్ని చోట్ల ఫీజు చూపిస్తుంది, చూసి భయపడతారు. ముందు కొత్త తేదీలకి టికెట్ దొరుకుతుందో, ధర ఎంతుందో వేరే విండోలో చూసుకోండి. అది నచ్చితే కొత్తది కొనేసి, అది కన్ఫర్మ్ అయ్యాక పాతది క్యాన్సిల్ చేయండి. కార్డు మీద కొన్ని రోజులు రెండు టికెట్ల డబ్బూ కనిపిస్తుంది, ఆ మేరకు లిమిట్ ఉండాలి. అదే ప్రయాణికుడి పేరుతో అదే విమానాలకి రెండు బుకింగ్‌లు ఉంటే కొన్ని ఎయిర్‌లైన్లు డూప్లికేట్ అని ఒకటి తీసేస్తాయి, మీవి వేరే తేదీలు కాబట్టి సాధారణంగా ఆ ఇబ్బంది రాదు, అయినా రెండింటినీ గంటల తరబడి అలా వదిలేయకండి. కొత్త టికెట్‌కి మళ్ళీ దాని 24 గంటలు దానికి మొదలవుతాయి, అదీ మీరు కొన్న క్షణం నుంచే.

ఇంత చేశాక కూడా గడువులో ఉన్న క్యాన్సిలేషన్‌కి డబ్బు కోసేస్తే, ముందు ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. బుకింగ్ సమయం, క్యాన్సిల్ సమయం రెండూ యూటీసీలో రాసి, స్క్రీన్‌షాట్ జతచేయండి. ముప్పై రోజుల్లో అందిందని చెప్పాలి, అరవై రోజుల్లో జవాబివ్వాలి, అదీ నిబంధనే. అక్కడా తేలకపోతే రవాణా శాఖ వినియోగదారుల ఫిర్యాదు ఫారం ఉంది, transportation.gov/airconsumer లో. మీ కేసులో దాని అవసరం రాదనే నా నమ్మకం. శుక్రవారం రాత్రి భోజనాల వేళకల్లా పని ముగించుకోండి, అప్పటికి ఇంకా రెండు మూడు గంటలు మీ చేతిలోనే ఉంటాయి.